ఆఖరి కాగితం ఏ రోజు అందింది?



మొన్న గ్రూపులో ఒక చెల్లి అడిగింది, "అక్కా, మీ ఆయన పాలసీ డబ్బులు ఎలా రప్పించారు? మా అన్నయ్యది ఏడు నెలలుగా ప్రాసెస్‌లో ఉందనే అంటున్నారు" అని. వాయిస్ మెసేజ్‌లో చెప్తే సగం చెప్పి సగం మర్చిపోతాను. అందుకని డ్యూటీ లేని రెండు రోజులు కూర్చుని రాస్తున్నాను. నేను లాయరును కాదు, కువైట్‌లో నర్సుని. కానీ ఈ ఒక్క విషయంలో నా ఫైలు నేనే మోశాను కాబట్టి ప్రతి తేదీ నాకు నోటికి వచ్చు.

మా ఆయన 2018 జూన్‌లో సెలవుకి వెళ్లినప్పుడు భీమవరం బ్రాంచిలో 25 లక్షల టర్మ్ పాలసీ తీసుకున్నారు. ఇక్కడ ఏసీలు రిపేరు చేసే కంపెనీలో పని ఆయనది. నామినీ నేను. ప్రీమియం ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు, నా జీతం అకౌంటు నుంచే కట్ అయ్యేది. 2024 నవంబరు 17న తెల్లవారుజామున గుండెల్లో నొప్పి అన్నారు. నేను నైట్ డ్యూటీలో ఉన్నాను. పక్క ఫ్లాట్ వాళ్లు ఆస్పత్రికి తీసుకెళ్లారు. అత్యవసర విభాగంలో రెండు గంటలు ఉన్నారు, అంతే. దాని గురించి ఇంతకన్నా రాయలేను, మీరు ఏమీ అనుకోకండి.

ఊరికి తీసుకెళ్లి, కార్యక్రమాలు అయ్యాక, క్లెయిమ్ కాగితాల పని మొదలైంది. ఇక్కడి మరణ ధ్రువపత్రం, దాని ఇంగ్లీషు అనువాదం, విదేశాంగ శాఖ ముద్ర, మన ఎంబసీలో మరణ నమోదు పత్రం, ఎంబసీ రద్దు ముద్ర వేసిన ఆయన పాస్‌పోర్టు, ఆస్పత్రి ఇచ్చిన రిపోర్టు, ఊళ్లో పంచాయతీ ఇచ్చిన దహన సంస్కారాల పత్రం, అసలు పాలసీ బాండు, నా పాస్‌పోర్టు, పాన్ కార్డు, నా ఎన్ఆర్ఓ అకౌంటు క్యాన్సిల్ చెక్కు. క్లెయిమ్ ఫారం మీద నా సంతకం ఎంబసీలో అటెస్ట్ చేయించాను. ఇవన్నీ మా మరిది 2025 జనవరి 3న భీమవరం బ్రాంచిలో ఇచ్చి, ఒక్కో కాగితం పేరు రాసిన జాబితా మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకుని వచ్చాడు. "ముద్ర ఎందుకండీ, సిస్టంలో ఎక్కించాం కదా" అన్నారట. "మా వదిన వేయించుకురమ్మంది" అని అక్కడే నిలబడ్డాడట. ఆ ముద్ర ఉన్న కాగితం తర్వాత ఎంత పనిచేసిందో చెప్తాను.

ఇక్కడ ఒక్క రూలు తెలుసుకోండి, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. బీమా కంపెనీలను అదుపు చేసే ఐఆర్‌డీఏఐ 2024 సెప్టెంబరులో ఒక మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. దాని ప్రకారం చనిపోయినవారి క్లెయిమ్‌ను, విచారణ అక్కర్లేకపోతే 15 రోజుల్లో, విచారణ కావాలనుకుంటే 45 రోజుల్లో తేల్చాలి. తేల్చడం అంటే డబ్బు ఇవ్వడమో, కారణం రాసి కుదరదనడమో. రెండూ చెయ్యకుండా ఊరికే కూర్చోవడం అన్నది ఆ రూలులో లేదు.

మరి ఏడు నెలలూ ఎనిమిది నెలలూ ఎలా పడుతుందంటారా? ఆ రోజులు కావలసిన కాగితాలన్నీ అందాకే లెక్కకొస్తాయి. కాబట్టి కంపెనీ ఇంకొక్క కాగితం అడిగితే లెక్క మళ్లీ మొదటికి వచ్చినట్టు కనపడుతుంది. అది ఇచ్చాక ఇంకొకటి అడిగితే మళ్లీ మొదటికి. ఎవరూ మీ క్లెయిమ్ తోసెయ్యరు. తోసేస్తే మీరు పోట్లాడతారు. తొయ్యకుండా అడుగుతూ ఉంటే మీరు వెతుకుతూ ఉంటారు. నా విషయంలో అచ్చం అదే జరిగింది.

జనవరి 29న మొదటి ఉత్తరం వచ్చింది. పోస్ట్‌మార్టం రిపోర్టు, పోలీసు ఎఫ్ఐఆర్, ఆయన పాత వైద్య రికార్డులు పంపమని. ఆస్పత్రిలో, డాక్టర్ల ఎదుట, గుండెపోటుతో పోయిన మనిషికి పోస్ట్‌మార్టం చెయ్యలేదు, పోలీసు కేసు లేదు. లేని కాగితం ఎక్కడి నుంచి తేను? ఆస్పత్రి రికార్డుల విభాగానికి వెళ్లి, ఇది సహజ మరణం, పోస్ట్‌మార్టం జరగలేదు అని ఉత్తరం రాయించుకున్నాను. ఫిబ్రవరి 10న మెయిల్ చేశాను, అదే రోజు మా మరిది బ్రాంచిలో కాపీ ఇచ్చి మళ్లీ ముద్ర వేయించాడు.

మార్చి 6న రెండో ఉత్తరం. ఆయన పనిచేసిన కంపెనీ నుంచి మూడేళ్ల సెలవుల లెక్క, పాస్‌పోర్టులో ప్రతి పేజీ కాపీ. మార్చి 20న పంపాను. ఏప్రిల్‌లో మా ఊరికి ఒకాయన బండి మీద వచ్చి, కిళ్లీ కొట్టు దగ్గర, మా ఇంటి ఎదురుగా ఉన్న వాళ్ల దగ్గర, "ఆయనకి తాగుడు అలవాటుందా, ముందునుంచి గుండె జబ్బుందా" అని అడిగి వెళ్లాడట. మా అత్తగారు వాకిట్లోనే ఉన్నారు. ఆమెను ఒక్క మాట కూడా అడగలేదు.

అప్పుడే అసలు బాధ మొదలైంది. ఊళ్లో ఒకరికి ఒకరు చెప్పుకుని, "కోడలికి డబ్బులు ఎప్పుడో వచ్చేసుంటాయి, అక్కడే ఉంచేసుకుంది, ఇక్కడ రాలేదని చెప్తోంది" అన్న మాట అత్తగారి చెవిన పడింది. ఆమె నన్ను అడగలేదు. అడిగితే బాగుండేది. ఫోను చేస్తే "ఆఁ, బాగానే ఉన్నాం" అని పెట్టేసేవారు. మా ఆయన ఇంటి మీద తీసుకున్న అప్పు కిస్తీ నేనే కడుతున్నాను, పాప ఇంజనీరింగ్ ఫీజు నేనే కడుతున్నాను, అయినా ఆ నాలుగు నెలలు మా ఇద్దరి మధ్య ఉన్నది దుఃఖం కాదు, అనుమానం. కంపెనీ ఆఫీసులో ఒక ఫైలు ఒక బల్ల మీద ఆగితే, ఊళ్లో ఒక ఇల్లు ఇలా అవుతుంది.

ఆ పాత వైద్య రికార్డుల సంగతి కూడా ఒక మాట. బీమా చట్టంలో 45వ సెక్షన్ ఉంది. పాలసీ మొదలై మూడేళ్లు దాటాక, ఏ కారణం మీదా ఆ పాలసీ చెల్లదని కంపెనీ అనకూడదు. జబ్బు దాచారు అన్నది కూడా ఆ కారణాల్లోకే వస్తుంది. మధ్యలో పాలసీ ల్యాప్స్ అయి మళ్లీ కట్టి బతికించుకుంటే, మూడేళ్లు అప్పటి నుంచి లెక్క. ఇది మాత్రం మీ బాండు, రసీదులు తీసి చూసుకోండి. మాది ఎప్పుడూ ల్యాప్స్ కాలేదు, ఆరేళ్లు దాటింది. అలాంటప్పుడు ఆయన 2015లో ఏ డాక్టరు దగ్గరికి వెళ్లారో తెలిసి వాళ్లు చెయ్యగలిగేది ఏమీ లేదు. విదేశంలో మరణం కాబట్టి, చనిపోయింది ఈ మనిషేనా, కాగితాలు నిజమైనవేనా అని చూసుకోవడం న్యాయమే. దాన్ని నేను తప్పుపట్టను. కిళ్లీ కొట్టు దగ్గర తాగుడు గురించి అడగడం ఆ పని కాదు.

ఈ సమయంలోనే ఇక్కడ మన తెలుగాయనొకరు, "మేడమ్, మాకు ఇండియాలో లాయరున్నాడు, అంబుడ్స్‌మన్ దగ్గర వేసి డబ్బు తెప్పిస్తాడు, వచ్చినదాంట్లో పది శాతం" అన్నాడు. రెండున్నర లక్షలు. నేను ఇంటికొచ్చి నిబంధనలు వెతికి చదివాను. బీమా అంబుడ్స్‌మన్ దగ్గర ఫీజు లేదు. లాయర్లు అక్కడ వాదించడానికి లేదు. ఫిర్యాదు మీదే, సంతకం మీదే, మాట్లాడేది మీరే. ఎవరైనా పది శాతం అంటే, వాళ్లు మీ బదులు చేసేది మీ మెయిలు కాపీ చేసి పంపడమే.

అయితే తిన్నగా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తే తీసుకోరు. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. కాల్ సెంటరులో అరిచింది లెక్కలోకి రాదు, ఏజెంటుకి చెప్పుకున్నది అసలే రాదు. కంపెనీ వెబ్‌సైటులో గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, మెయిల్ ఉంటాయి. దానికి పంపాలి. వాళ్లు కుదరదని రాస్తే, లేదా ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోతే, లేదా ఒక నెల గడిచినా జవాబు ఇవ్వకపోతే, అప్పుడు అంబుడ్స్‌మన్ తలుపు తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఒక సంవత్సరం లోపు వెళ్లాలి. అదే విషయం మీద కన్స్యూమర్ కోర్టులో కేసు నడుస్తుంటే ఇక్కడ తీసుకోరు. ఊళ్లో ఎవరైనా తొందరపడి కేసు వేయించే ముందు ఇది చెప్పండి.

నేను మే 5న గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాసిన ఉత్తరం ఇక్కడ తెలుగులో పెడుతున్నాను. మొదట రాసింది మూడు పేజీలు, అందులో మా ఆయన మంచితనం, నా నైట్ డ్యూటీలు, అన్నీ ఉన్నాయి. మా వార్డులో సీనియర్ సిస్టర్ ఒకామె, మలయాళీ, చదివి, "కేస్ షీట్ రాసినట్టు రాయి, ఏ టైముకి ఏం జరిగింది అంతే" అంది. ఆ మాటకి మొత్తం మార్చేశాను.

"అయ్యా, ఈ పాలసీలో నేను నామినీని, పాలసీదారు భార్యను. పాలసీ 2018 జూన్‌లో మొదలైంది, ఎప్పుడూ ల్యాప్స్ కాలేదు. మరణం 2024 నవంబరు 17. క్లెయిమ్ ఫారం, జతపరిచిన జాబితాలోని కాగితాలన్నీ 2025 జనవరి 3న మీ భీమవరం బ్రాంచిలో అందాయి, ముద్ర ఉన్న కాపీ జతచేశాను. జనవరి 29న మీరు అడిగినవాటికి ఫిబ్రవరి 10న జవాబిచ్చాను. మార్చి 6న అడిగినవాటికి మార్చి 20న ఇచ్చాను. ఈ రోజు వరకు క్లెయిమ్ చెల్లించలేదు, తిరస్కరించలేదు, విచారణ చేస్తున్నట్టు రాతపూర్వకంగా తెలపలేదు. పాలసీ మొత్తం 25 లక్షలు, నిబంధనల ప్రకారం ఆలస్యానికి వడ్డీ చెల్లించవలసిందిగా కోరుతున్నాను. ఇంకేదైనా కాగితం నిజంగా అవసరమైతే, అది ఎందుకు అవసరమో రాసి, అన్నీ ఒకేసారి అడగండి."

ఆ చివరి వాక్యం ఊరికే రాయలేదండి. 2017 నాటి పాలసీదారుల రక్షణ నిబంధనల్లో ఆ మాట ఉండేది, కావలసిన కాగితాలు విడతలవారీగా కాకుండా ఒకేసారి అడగాలి అని. ఎందుకు అవసరమో రాయమంటే వాళ్లు రాయలేరు. రాయలేకపోవడం కూడా మీ ఫైలులో ఒక కాగితం అవుతుంది.

జవాబుగా కంప్యూటర్ పంపిన ఒక నంబరు తప్ప ఏమీ రాలేదు. మే 12న bimabharosa.irdai.gov.in లో కూడా ఫిర్యాదు నమోదు చేశాను. అది ఐఆర్‌డీఏఐ వాళ్ల పోర్టల్, పేరు బీమా భరోసా. అక్కడ వేసింది తిరిగి కంపెనీకే వెళ్తుంది, కాకపోతే ఐఆర్‌డీఏఐ కంటి ముందు ఉంటుంది. అక్కడ తీర్పు ఇవ్వరు. చాలామంది అక్కడ "క్లోజ్డ్" అని కనపడగానే అయిపోయిందనుకుని మానేస్తారు. నాకూ మూడు వారాల తర్వాత "క్లెయిమ్ పరిశీలనలో ఉంది" అని ఒక లైను రాసి క్లోజ్ చేశారు. దాన్ని ప్రింటు తీసి ఫైలులో పెట్టుకున్నాను. ఇవ్వలేదు, కాదనలేదు అని చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం ఏముంటుంది?

జూన్ 5కి నెల దాటింది. జూన్ 9న అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టాను. ఆన్‌లైన్‌లో cioins.co.in లో పెట్టొచ్చు. మనలాంటి వాళ్లకి వచ్చే సందేహం, నేను కువైట్‌లో ఉన్నాను కదా, ఏ ఊరి అంబుడ్స్‌మన్ అని. మీరు నివసించే చోటైనా, మీరు ఫిర్యాదు చేస్తున్న కంపెనీ బ్రాంచి ఉన్న చోటైనా ఏ అంబుడ్స్‌మన్ పరిధిలోకి వస్తే ఆయన. మనం బయట ఉన్నాం కాబట్టి బ్రాంచి లెక్క. ఆంధ్ర, తెలంగాణ, యానాం బ్రాంచిలైతే హైదరాబాదు ఆఫీసు, అది లక్డీకాపుల్ దగ్గర ఉంది. పాలసీ బెంగళూరులోనో చెన్నైలోనో తీసుకుంటే అక్కడి ఆఫీసులు వేరే ఉన్నాయి.

ఫిర్యాదులో వివరాలతో పాటు నష్టం ఎంత, ఏం కోరుతున్నారు అని అడుగుతారు. "న్యాయం కావాలి" అని రాయకండి. నేను రాసింది: పాలసీ మొత్తం 25 లక్షలు, ఇవ్వవలసిన తేదీ నుంచి ఇచ్చే తేదీ వరకు వడ్డీ. అంబుడ్స్‌మన్ 50 లక్షల వరకే ఇప్పించగలరు, అంతకు మించిన పాలసీ అయితే దారి వేరు. ఇంకోటి, మీకు నిజంగా జరిగిన నష్టమే ఇప్పిస్తారు గానీ కంపెనీకి బుద్ధి చెప్పడానికి అదనంగా ఇప్పించరు. మనోవేదనకి పది లక్షలు అని రాసుకుంటే ఆశే మిగులుతుంది.

కొన్ని రోజులకి వాళ్ల ఆఫీసు నుంచి ఒక అంగీకార పత్రం వచ్చింది. విషయం కోర్టులో లేదని, అంబుడ్స్‌మన్ మధ్యవర్తిగా చూడటానికి నాకు సమ్మతమేనని సంతకం చేసి, కాగితాల కాపీలతో తిప్పి పంపాను. దీన్ని దగ్గర పెట్టుకుని కూర్చోకండి, మీ నుంచి కావలసినవన్నీ వాళ్లకి అందిన తర్వాతే తీర్పుకి మూడు నెలల గడువు మొదలవుతుంది. అదే సమయంలో కంపెనీని కూడా వాళ్ల వైపు సంగతి రాసివ్వమంటారు. దాన్ని సెల్ఫ్ కంటెయిన్డ్ నోట్ అంటారు. చాలా కేసులు ఈ దశలోనే రాజీ అయిపోతాయి, నోట్ రాయాల్సి వచ్చేసరికి ఎవరో ఒకరు ఫైలు తెరుస్తారు కదా. మాది కాలేదు.

ఆగస్టు 21న వీడియోలో విచారణ. ఇండియాలో పదకొండున్నర, మాకు తొమ్మిది. రాత్రి డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని, తేదీలన్నీ ఒకే పేజీ మీద రాసుకుని కూర్చున్నాను. మొత్తం ఇరవై నిమిషాలు కూడా లేదు. అంబుడ్స్‌మన్ ముందు నన్నే అడిగారు, "అమ్మా, మీ ఇబ్బంది ఏమిటి?" అని. తెలుగులోనే మాట్లాడాను. పేజీ చూసి తేదీలు చదివాను, అంతే.

కంపెనీ తరఫున వచ్చిన అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. విదేశంలో మరణం, విచారణ అవసరమైంది, ఆఖరి కాగితం మార్చి 20న అందింది, అందుకని ఆలస్యం అన్నాడు. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న. "విచారణకి ఏ రోజు ఆదేశించారు?" ఆ అబ్బాయి ఫైలు తిప్పాడు, తిప్పాడు. "ఏప్రిల్ 11 సర్" అన్నాడు. అంటే జనవరిలో కాగితాలు తీసుకుని, మూడు నెలలు దాటాక విచారణ వెయ్యాలని గుర్తొచ్చింది. "ఆ రిపోర్టులో ఏమొచ్చింది?" అంటే, "ఏమీ ప్రతికూలంగా రాలేదు సర్." "రిపోర్టు ఎప్పుడొచ్చింది?" "మే మొదటి వారం సర్." నా గ్రీవెన్స్ మెయిలు వాళ్లకి వెళ్లిన వారం అది.

సెప్టెంబరు 8 తేదీతో తీర్పు వచ్చింది. నేను అడిగినదంతా ఒప్పుకోలేదు, అది కూడా మీకు చెప్పాలి. వడ్డీ జనవరి 3 నుంచి లెక్కపెట్టమని నేను కోరాను. పోస్ట్‌మార్టం జరగలేదన్న ఆస్పత్రి ఉత్తరం అవసరమైన వివరణే, దాన్ని కంపెనీ అడగడం తప్పు కాదు, కాబట్టి ఆఖరి అవసరమైన కాగితం ఫిబ్రవరి 10న అందినట్టు అన్నారు. సెలవుల లెక్క, పాస్‌పోర్టు పేజీలు క్లెయిమ్ తేల్చడానికి అవసరమని కంపెనీ చూపించలేకపోయింది, అందుకని మార్చి 20 అన్నది ఒప్పుకోలేదు. విచారణ కూడా, 45 రోజుల గడువు దాటాక మొదలుపెట్టింది కాబట్టి, కంపెనీకి సాకు కాదన్నారు. ఫిబ్రవరి 10కి 15 రోజులు కలిపితే ఫిబ్రవరి 25. ఆ రోజున ఇవ్వాల్సిన డబ్బు, ఆ రోజు నుంచి వడ్డీ.

చూశారా, అంతా ఆ ముద్ర మీదే తిరిగింది. మెయిలు నాకు అందలేదనొచ్చు, సిస్టంలో తేదీ వేరే ఉందనొచ్చు. బ్రాంచి రబ్బరు స్టాంపు కింద ఉన్న తేదీని ఎవరూ కాదనలేదు. ఊళ్లో మీ తరఫున తిరిగే మనిషి ఎవరైనా, మరిదైనా, తమ్ముడైనా, ఆ స్టాంపు లేకుండా బ్రాంచి మెట్లు దిగొద్దని చెప్పండి. బ్రాంచి దగ్గరలో లేకపోతే స్పీడ్ పోస్టులో పంపి ఆ రసీదు దాచుకున్నా సరే.

వడ్డీ రేటు బ్యాంకు రేటు మీద 2 శాతం. బ్యాంకు రేటు అంటే మన బ్యాంకు ఇచ్చే వడ్డీ కాదు, రిజర్వు బ్యాంకు ప్రకటించేది. నా లెక్కకి 6.75 తీసుకున్నారు, 2 కలిపితే 8.75. తీర్పు అందాక 30 రోజుల్లో కంపెనీ అమలు చెయ్యాలి. చెయ్యకపోతే రోజుకి 5 వేలు ఫిర్యాదుదారుకే చెల్లించాలని ఆ 2024 సర్క్యులర్‌లో ఉంది. తీర్పు నచ్చకపోతే మనం కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్లొచ్చు, కానీ కంపెనీ దానికి కట్టుబడాల్సిందే. నేను జనవరి నుంచి రావాల్సిన వడ్డీ కోసం మళ్లీ వెళ్లలేదు. తేడా ముప్పై రెండు వేలో ఎంతో, దాని కోసం ఇంకో ఫైలు మోసే ఓపిక లేదు.

అక్టోబరు 6న నా ఎన్ఆర్ఓ అకౌంటులో డబ్బు పడింది. 25 లక్షలు, వడ్డీ 223 రోజులకి లక్షా 33 వేల చిల్లర.

నామినీ గురించి ఒక ప్రశ్న గ్రూపులో వచ్చింది కాబట్టి దానికి కూడా చెప్తాను. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి మాత్రమే, తర్వాత వారసులందరికీ పంచాలి అని ఊళ్లో పెద్దలు అంటారు. పాత రోజుల్లో అలాగే ఉండేది. 2015లో చట్టం మారింది. పాలసీదారు తన తల్లిదండ్రులనో, భార్యనో భర్తనో, పిల్లలనో నామినీగా రాస్తే ఆ డబ్బు వాళ్లదే. తమ్ముడినో, మేనల్లుడినో రాస్తే ఆ మాట వర్తించదు. మీ పాలసీ బాండులో ఎవరి పేరుందో, పెళ్లికి ముందు తీసుకున్నదైతే మార్చారో లేదో, ఈ శుక్రవారం సెలవులో చూడండి.

చట్టం ప్రకారం అది నా డబ్బే. ఇంటి అప్పు తీర్చేశాను, ఆ ఇంట్లో ఉండేది అత్తగారే కదా. పాప చివరి రెండేళ్ల ఫీజు డిపాజిట్ చేశాను. తీర్పు కాగితం, బ్యాంకు మెసేజ్, తేదీలన్నీ ఉన్న ఆ ఒక్క పేజీ, మూడూ మా మరిది చేత అత్తగారికి చదివి వినిపించమన్నాను. ఫిబ్రవరిలో రావాల్సినవి అక్టోబరులో వచ్చాయని ఆమెకి ఆ కాగితమే చెప్పాలి, నేను చెప్తే నా మాట అవుతుంది. వాడు చదివాక ఆమె ఏమీ అనలేదట. సాయంత్రం ఆవిడే ఫోను చేసి, "నైట్ డ్యూటీయా, అన్నం తిన్నావా" అని అడిగారు.

అడిగిన చెల్లికి నా మాట ఇది. మీ అన్నయ్య క్లెయిమ్‌లో ఆఖరి కాగితం ఏ రోజు అందిందో, దానికి రుజువు ఏముందో ముందు మీ వదినని అడిగి నాకు మెసేజ్ పెట్టు. గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాత ఇంకా వెళ్లకపోతే ఈ వారమే పంపించు, నెల లెక్క అప్పటి నుంచే మొదలవుతుంది. నేను గురువారం నుంచి మూడు రోజులు నైట్, పగలు రెండు దాటాక ఫోను ఎత్తుతాను.